ఆదాలో వాటా అడిగే ముందు లెక్క ఒప్పించుకోండి

"వైజాగ్‌లో రొయ్యల ప్లాంట్లకు కరెంటు ఆదా కన్సల్టెన్సీ చేస్తాను. రోజుకు 8 వేలు. ఈసారి క్లయింటుకు నెలకు దాదాపు 3 లక్షలు మిగిలేలా ఉంది. వాటా ఎలా అడగాలి?"

అడగండి సార్, కానీ శాతం మాట ముందు ఎత్తకండి. గొడవంతా "ఆదా" అంటే ఏమిటన్న దగ్గరే వస్తుంది. రొయ్యల సీజన్ తగ్గితే బిల్లు దానంతటదే తగ్గుతుంది, పెరిగితే మీరెంత ఆదా చేసినా బిల్లులో కనిపించదు. అందుకే బిల్లు మొత్తాన్ని కాకుండా టన్నుకు ఎన్ని యూనిట్లో చూడండి. గత 12 నెలల బిల్లులు, ఉత్పత్తి రిజిస్టర్ పక్కపక్కన పెట్టి, ఆ సగటు మీద పని మొదలవకముందే ఓనరు సంతకం తీసుకోండి.

ఉదాహరణకు టన్నుకు 1,000 యూనిట్లు 860కి దిగాయనుకుందాం. నెలకు 300 టన్నులైతే 42,000 యూనిట్లు మిగిలినట్టు. యూనిట్ 7 రూపాయల చొప్పున 2.94 లక్షలు, ఏడాదికి సుమారు 35 లక్షలు. ఆ 7 రూపాయలు కూడా ఒప్పందంలోనే రాసుకోండి, మధ్యలో టారిఫ్ మారినా పేచీ ఉండదు.

కొత్త పరికరాలకు 10 లక్షలు పెట్టిస్తే, మొదటి ఏడాది నికరం 25 లక్షలు. అందులో ఐదో వంతు, అంటే 5 లక్షలు, నా దృష్టిలో న్యాయమే. జీఎస్టీ అదనమని రాయండి. 2 లక్షలు ముందే, ఆదా ఎంతొచ్చినా తిరిగివ్వక్కర్లేనిదిగా తీసుకోండి. మిగతాది మూడు నెలల రీడింగులు చూశాక. మీరు చెప్పిన సెట్టింగులు ఆపరేటర్ మార్చేస్తే ఆ నెల లెక్కలోకి రాదన్న షరతు మాత్రం వదలొద్దు. మన దగ్గర ఎక్కువగా బెడిసికొట్టేది అక్కడే.