ఆపరేషన్‌కి ముందే సిగరెట్ ఎందుకు మానమంటారో విను

రమణా,

సిగరెట్ మానేసి ఆరు వారాలయ్యాక రా, అప్పుడు డేట్ ఇస్తానని సర్జన్ అన్నారట, నువ్వేమో ఆయన మీద మండిపడుతున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "కోసేది పొట్ట కదా, ఊపిరితిత్తులతో పనేంటి" అన్నావట కూడా. సర్వీసంతా ఆపరేషన్ థియేటర్లోనూ సర్జికల్ వార్డులోనూ చేసి రిటైరైన పెద్దమ్మగా చెప్తున్నా, పని ఊపిరితిత్తులతో మాత్రమే కాదు, నీ పొట్ట మీద వేసే కుట్టుతోనే.

నీది పాత అపెండిక్స్ కుట్టు దగ్గర వచ్చిన హెర్నియా. అంటే ఒకసారి కోసి కుట్టిన చోట లోపలి గట్టి పొర సరిగ్గా అతుక్కోక విడిపోయింది, అందులోంచి పేగు బయటికి తోసుకొస్తోంది. ఇప్పుడు అక్కడ మెష్ పెడతారు. అది ప్లాస్టిక్ దారంతో అల్లిన జాలీ, అంతే. ఆ జాలీ కన్నాల్లోంచి నీ ఒంటి కండ పెరిగి దాన్ని పట్టుకుంటేనే ఆపరేషన్ నిలబడుతుంది. కొత్త కండకి బలం కొలాజెన్ అనే పదార్థంతో వస్తుంది, కొలాజెన్ గట్టిపడాలంటే ఆక్సిజన్ కావాలి. గాయంలో చేరిన సూక్ష్మక్రిముల్ని తెల్ల రక్తకణాలు చంపాలన్నా అదే ఆక్సిజన్ కావాలి. సిగరెట్ సరిగ్గా దానికే గండి కొడుతుంది. నికోటిన్ సన్న రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది, ఒకసారి కూర్చుంటే ఓ పట్టాన లేవదు. ఒక్క సిగరెట్ కాల్చినా చాలాసేపు చర్మం కిందికి అందే ఆక్సిజన్ తగ్గిపోతుంది, రోజుకి పదిహేను కాల్చేవాడికి ఇక పగలంతా తగ్గే ఉంటుంది.

వేలికి క్లిప్పు పెడితే 98 చూపించింది, నాకేం తక్కువ అంటావేమో. ఆ క్లిప్పు మోసపోతుంది. ఆక్సిజన్ పట్టుకున్న రక్తమైనా, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తమైనా దాని కంటికి దాదాపు ఒకేలా ఎర్రగా కనిపిస్తుంది, రెండూ కలిపి లెక్కేస్తుంది.

గాయం మానకపోతే ఎలా ఉంటుందో కూడా చెప్తాను, చదవడానికి ఇబ్బందిగా ఉన్నా చదువు. నాలుగో రోజో ఐదో రోజో డ్రెస్సింగ్ విప్పితే కుట్టు అంచు వెంబడి చర్మం ముందు నీలంగా, తర్వాత నల్లగా కనిపిస్తుంది. గాజు గుడ్డ పసుపు నీరు పీల్చి బరువుగా ఉంటుంది. రెండు కుట్ల మధ్య వేలితో మెల్లగా నొక్కితే ఇంకా నీరు వస్తుంది. మామూలు గాయమైతే కుట్లు విప్పి, కడిగి, యాంటీబయాటిక్ ఇస్తే ఆలస్యంగానైనా మానుతుంది. లోపల మెష్ ఉన్నప్పుడు చీము పడితే మాత్రం కథ వేరు, క్రిములు ఆ దారాల్ని పట్టుకుని మందుకి లొంగవు, కొందరికి మళ్ళీ పొట్ట తెరిచి మెష్ తీసెయ్యాల్సి వస్తుంది. అప్పుడు హెర్నియా మళ్ళీ మొదటికే.

ఇక ఆరు వారాలు ఎందుకు, ముందురోజు మానేస్తే చాలదా అన్నావు కదా. ముందురోజు మానినా లాభం ఉంది, లేదనను. కార్బన్ మోనాక్సైడ్ నాలుగైదు గంటలకోసారి సగానికి సగం తగ్గుతుంది, ఒక్క రోజు ఆగితే చాలావరకు పోతుంది, మత్తులో గుండెకి ఆ మాత్రం ఊరట. కానీ తెల్ల రక్తకణాలు తేరుకోవడానికి వారాలు పడుతుంది. డెన్మార్క్‌లో 2003లో వచ్చిన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న 78 మంది వాలంటీర్లకి నడుము కింద చిన్న చిన్న గాట్లు పెట్టి చూశారు. పొగతాగేవాళ్ళ గాయాల్లో 12 శాతానికి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఎప్పుడూ తాగనివాళ్ళకి 2 శాతం. నాలుగు వారాలు మానినవాళ్ళకి బాగా తగ్గింది. ఆ నాలుగు వారాలూ నికోటిన్ ప్యాచ్ వేసుకున్నవాళ్ళకీ, ఉత్తుత్తి ప్యాచ్ వేసుకున్నవాళ్ళకీ ఆ విషయంలో తేడా రాలేదు. ఇది గుర్తుపెట్టుకో, కింద పనికొస్తుంది.

ఊపిరితిత్తులకి ఇంకా ఎక్కువ టైం కావాలి. శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి తోసే సన్నటి నూగు ఉంటుంది, పొగకి అది పడుకుండిపోతుంది. మానేశాక మెల్లగా లేస్తుంది, అందుకే మొదటి వారాల్లో కొందరికి దగ్గు, కళ్లె ఎక్కువవుతాయి. అది చూసి "మానేస్తే ఇంకా చెడింది" అని మళ్ళీ ముట్టించకు. నీ హెర్నియాకి దగ్గు మరీ శత్రువు, ఆపరేషన్ అయ్యాక ప్రతి దగ్గూ కొత్త కుట్టుని లోపల్నుంచి గుద్దుతుంది. ఆ దగ్గు ఇప్పుడే దగ్గేసి వెళ్ళడం మేలు.

ఎలా మానాలి అంటే, రేపటినుంచి పదిహేను పదవుతుంది, తర్వాత ఐదవుతుంది అనే లెక్క పెట్టుకోకు. తగ్గించినవాడు మిగిలినవి ఇంకా గట్టిగా పీలుస్తాడు. ఒక తేదీ అనుకుని, ఆ రోజు పూర్తిగా ఆపెయ్. మొదటి మూడు రోజులు చికాకు, నిద్రలేమి, ఆకలి, ఇంట్లో అందరి మీదా అరుపులు. మీ ఆవిడకి ముందే చెప్పిపెట్టు. నికోటిన్ ప్యాచ్ వేసుకున్నా గాయాల విషయంలో తేడా రాలేదని పైన చెప్పాను కదా, అందుకే పొగ లేకుండా నికోటిన్ మాత్రం ఇచ్చేవి వాడుకోవచ్చు. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మెడికల్ షాపులో దొరుకుతుంది, కానీ లేవగానే కాల్చే అలవాటున్న నీలాంటివాడికి అది సరిపోకపోవచ్చు, 4 మిల్లీగ్రాములదో ప్యాచో కావాలా అని డాక్టర్నే అడుగు. గమ్‌ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. మెల్లగా నాలుగుసార్లు నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఆపు, చురుకు తగ్గాక మళ్ళీ నములు, అలా ఒక అరగంట. అంతకు ముందు పావుగంట కాఫీ, టీ తాగకు, గమ్ పని చెయ్యదు. అసలు ఈ రోజుల్లో కాఫీ సగానికి తగ్గించు, పొగ మానేస్తే కాఫీ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, ఆ గుండెదడ చూసి సిగరెట్ మానడం వల్లే అనుకుంటారు. ఫోన్‌లో మాట్లాడే మనిషి కావాలంటే 1800-11-2356, ప్రభుత్వం వాళ్ళది, డబ్బులు పడవు.

గమ్ వాడుతున్నానని మాత్రం సర్జన్‌కీ, మత్తు డాక్టర్‌కీ చెప్పు. కొన్నిచోట్ల ఒంట్లోకి నికోటిన్ వెళ్ళిందా అని చూసే కోటినిన్ పరీక్ష చేస్తారు, గమ్ వాడినా అందులో తేలుతుంది, అబద్ధమాడావనుకుంటారు. సిగరెట్ మానేసి ఖైనీ, గుట్కా మొదలుపెడితే మానినట్టు కాదు. మా వార్డుకి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే ముసలమ్మలు "సిగరెట్ తాగుతారా" అంటే లేదనేవాళ్ళు, నిజమే, వాళ్ళది నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ చుట్ట! అందుకే ఏది తాగినా, నమిలినా పేరు పెట్టి చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక కూడా కనీసం ఇంకో నెల అసలు ముట్టకు, మెష్ కండ పట్టే రోజులు అవే.

ఒక్క మాట జాగ్రత్తగా విను. ఈ ఆరు వారాల్లో ఎప్పుడైనా ఆ ఉబ్బు గట్టిపడి, పడుకున్నా లోపలికి పోకుండా, నొప్పి పెరిగి వాంతులు మొదలైతే, పేగు ఇరుక్కుందని అర్థం. అప్పుడు సిగరెట్ మాని ఎన్ని రోజులైందని ఎవరూ లెక్కపెట్టరు, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఏమీ తినకుండా, తాగకుండా, అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళు, తెల్లారేదాకా చూద్దాం అనకు.

పెద్దమ్మ