మిద్దెమీద రెస్టారెంటు: త్రీడీ బొమ్మను చూసి 38 లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక మూడంతస్తుల భవనం మిద్దెను ఐదేళ్ల లీజుకు తీసుకుని రెస్టారెంటు పెట్టాలనుకుంటున్నాను. అద్దె నెలకు 60 వేలు, అడ్వాన్సు ఆరు లక్షలు. ఆర్కిటెక్టు త్రీడీ బొమ్మ గీసి ఇచ్చారు. చెక్క ఫ్లోరింగ్, పైన సీరియల్ బల్బులు, 72 మంది కూర్చునే టేబుళ్లు, సాయంత్రం పూట అన్నీ నిండి కళకళలాడుతున్నాయి. పన్ను కాక 38 లక్షలవుతుందన్నారు. పొలం అమ్మిన డబ్బు 22 లక్షలుంది, మిగతాది బంగారం మీద తెద్దామనుకుంటున్నాను. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: ఇప్పుడున్న రూపంలో వెళ్లవద్దు. అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఆపండి. ఆలోచన చెడ్డది కాదు. ఆ బొమ్మను ఆదాయపు అంచనాగా తీసుకోవడంలోనే చిక్కుంది.

ఆ బొమ్మ చూపేది ఏడాదిలో ఒకే ఒక్క గంట: వాన లేని, ఉక్క లేని, బహుశా ఒక ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. ప్రతి రాత్రీ అలాగే ఉంటుందనుకుని, టేబుళ్లు ఒకటిన్నర సార్లు నిండుతాయని, తలకు 350 రూపాయల బిల్లని లెక్కిస్తే ఏడాది అమ్మకం సుమారు కోటీ 38 లక్షలు వస్తుంది. ఆర్కిటెక్టు ఈ లెక్క మీకు చెప్పి ఉండరు, కానీ ఆ బొమ్మను చూసిన ప్రతివారి మనసులోనూ ఈ లెక్కే నడుస్తుంది.

ఇప్పుడు మన ఊరి క్యాలెండరును దాని పక్కన పెట్టండి. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే వరుసగా నాలుగైదు రోజులు మిద్దె ఎక్కేవారే ఉండరు. సరిగ్గా ఆ రోజుల్లోనే కార్తీక మాసం, అయ్యప్ప మాలలు వస్తాయి కాబట్టి చేపల పులుసు, బిర్యానీ మీద నడిచే వంటశాలకు ఆ కాలంలో దెబ్బ రెండు వైపుల నుంచీ తగులుతుంది. మే నెలలో పగలంతా కాగిన స్లాబు చీకటిపడ్డాక కూడా చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది. ఇవన్నీ తీసేసి, బాగా నడిచే వారాంతపు రాత్రులు 70, వాటిలో రాత్రికి వంద మంది, మామూలు రాత్రులు 200, వాటిలో 35 మంది చొప్పున అనుకుందాం. మొత్తం 14 వేల మంది, 49 లక్షల అమ్మకం. నా అంచనా పిసినారి అంచనా అని మీకు అనిపిస్తే, అదే వీధిలో ఉన్న హోటళ్లలో ఒక బుధవారం, ఒక వాన రోజు, ఒక ఆదివారం మీరే కూర్చుని తలలు లెక్కపెట్టి ఈ అంకెలను మార్చండి.

ఆ 49 లక్షల్లో సరుకుల ఖర్చు 35 శాతం పోగా సుమారు 32 లక్షలు మిగులుతాయి. అద్దె 7.2 లక్షలు, పదిమంది సిబ్బందికి సగటున 16 వేల చొప్పున 19.2 లక్షలు, కరెంటు, గ్యాసు, జనరేటరు కలిపి 4.8 లక్షలు. చివరికి మీ చేతిలో మిగిలేది ఏడాదికి 65 వేలు. అందులోంచే మీ సొంత శ్రమకు జీతం, అప్పుకు వడ్డీ, పెట్టుబడికి రాబడి రావాలి. పైగా మీ పెట్టుబడి 38 లక్షలతో ఆగదు. రెస్టారెంట్లు సాధారణంగా కట్టే ఐదు శాతం జీఎస్టీ విధానంలో ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మీరు కొన్నవాటి మీద కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేరు. కాబట్టి కాంట్రాక్టరు బిల్లు మీద దాదాపు 18 శాతం, అంటే ఇంచుమించు ఏడు లక్షలు, తిరిగి రాని ఖర్చే. అడ్వాన్సుతో కలిపితే 51 లక్షలకు చేరుతుంది. అంటే బంగారం మీద తేవలసింది 16 కాదు, 29 లక్షలు. బంగారం అప్పులు చాలావరకు ఏడాది గడువుతో ఉంటాయి. ఐదేళ్లకు గానీ తిరిగిరాని పెట్టుబడిని ఏడాదిలో తీర్చవలసిన అప్పుతో పెడితే వ్యాపారం బాగున్నా నగ వేలానికి వెళ్లవచ్చు.

ఇక బొమ్మలోని వస్తువుల సంగతి. చూడగానే మనసు లాగేది ఆ బల్బుల తీగలు, కానీ మొత్తం అంచనాలో వాటి వాటా అతి స్వల్పం. డబ్బు తినేది చెక్క ఫ్లోరింగ్. ఎండకు ఎండి వానకు తడిసే చోట అసలు కలప అయితే ఏటా నూనె పట్టించాలి, కాంపోజిట్ పలకలైతే వేడికి సాగే చోటు వదలాలి. సముద్రం గాలికి స్టెయిన్‌లెస్ మేకులు తప్ప వేరేవి తుప్పు పడతాయి. అన్నిటికంటే ముఖ్యం దాని అడుగున ఏముందన్నది. డెక్ వేశాక వాన నీటి గొట్టాల మూతులు కనబడవు; ఆకులు, అన్నం మెతుకులు అడ్డుపడి నీరు నిలిస్తే మొదట తెలిసేది మీకు కాదు, కింది అంతస్తువారి సీలింగులో తడి మచ్చగా కనబడుతుంది. ఆ మరమ్మతు ఖర్చు మీ మీదికే వస్తుంది. అందువల్ల ప్రతి గొట్టం దగ్గర తీసి పెట్టగలిగే పలక ఉండాలని ఒప్పందంలో రాయించండి. ఐదేళ్ల తర్వాత ఈ డెక్‌ను విప్పి తీసుకుపోయినా పెద్దగా విలువ రాదు.

బొమ్మలో కనబడనిది ఇంకొకటి, బరువు. మన భారతీయ ప్రమాణాల ప్రకారం జనం ఎక్కే మామూలు మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోల భారం లెక్కిస్తారు, రెస్టారెంటుకు 400 కిలోలు లెక్కించాలి. పిట్టగోడ వెంట వేసిన తడి మట్టి తొట్లు దీనికి అదనం. స్ట్రక్చరల్ ఇంజనీరు లిఖితపూర్వకంగా సరే అనే వరకు, కార్పొరేషన్ ఆమోదించిన ప్లానులో మిద్దెను ఇలా వాడుకునే వీలుందో, అగ్నిమాపక శాఖ నుంచి అనుమతి వస్తుందో తేలే వరకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. యజమాని నోటి మాట మీద మొదలుపెట్టి నోటీసు వచ్చాక మూసుకున్నవారిని నేను చూశాను. బాధ కలిగించే విషయమేమిటంటే, వారిలో ఎవరికీ అడ్వాన్సు పూర్తిగా తిరిగి రాలేదు.

నా సూచన చిన్న రూపం. 40 సీట్లు, ఏడుగురు సిబ్బంది, మొత్తం 14 లక్షలు, అప్పు లేకుండా. మెట్లు ఎక్కగానే కనబడే 400 చదరపు అడుగుల్లో మాత్రమే చెక్క, మిగతా మిద్దెకు జారని టైల్సు, బల్బులు మాత్రం బొమ్మలో ఉన్నట్టే. యజమానితో అద్దెను 35 వేలకు మాట్లాడుకోండి. ఆయన తగ్గకపోతే అమ్మకంలో కొంత వాటా ఇస్తానని చెప్పండి, వాన నెలల్లో భారం ఇద్దరి మధ్యా పంచుకున్నట్టవుతుంది. ఏడాదికి 11 వేల మంది వస్తే 38.5 లక్షల అమ్మకం, కరెంటు, గ్యాసు, జనరేటరు ఖర్చు కూడా నాలుగో వంతు తగ్గుతుందనుకుంటే, ఖర్చులన్నీ పోగా సుమారు 3.8 లక్షలు మిగులుతుంది. అద్దె వాటా పద్ధతికి మారితే ఈ మిగులు కొంత తగ్గుతుంది. మీ శ్రమకు అది గొప్ప జీతం కాదు. మధ్యాహ్నం ఖాళీగా ఉండే వంటగదిలో పార్సిల్ భోజనాలు మొదలుపెడితేనే అది జీతంలా మారుతుంది.

మిగిలిన ఎనిమిది లక్షల్లో అడ్వాన్సుకు మూడు లక్షలకు మించి ఒప్పుకోవద్దు, ఐదు లక్షలను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి అక్టోబరు తర్వాతి జీతాలకు మాత్రమే తీయండి. లీజు ఏడాదికి మించింది కాబట్టి తప్పనిసరిగా రిజిస్టరు చేయించండి. ప్రభుత్వ అభ్యంతరం వల్ల మూతపడితే అడ్వాన్సు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలనే షరతు అందులో ఉండాలి. ప్రారంభం సంక్రాంతి తర్వాత పెట్టుకుంటే మాలలు దిగి, వానలు ఆగి, ఎండలు ముదరకముందు దొరికే రెండు మూడు నెలలు పూర్తిగా మీకు చేతికి వస్తాయి.