రెండుసార్లు పడిన టర్మ్ ఫీజు: తల్లిదండ్రులకు ఏమని రాయాలి

తల్లీ,

రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పింది పొద్దున మళ్లీ నెమరు వేసుకున్నాను. ఒక పిల్లాడి రెండో టర్మ్ ఫీజు మీ లెక్కల్లో రెండుసార్లు పడింది. బాకీ ఏమీ లేదని స్టేట్‌మెంట్ కూడా ఇంటికి వెళ్లిపోయింది. ఇప్పుడు సరిచేస్తే 18,000 బాకీ కనిపిస్తుంది. తల్లిదండ్రులకు ఏమని రాయాలో తెలియక టెన్షన్ పడుతున్నావు. చిత్తూరులో ముప్పై ఏళ్లు ఇదే కుర్చీలో కూర్చున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

రాయడానికి ముందు ఒక సంగతి తేల్చుకో. మీరు రెండుసార్లు రాశారా, లేక వాళ్లు నిజంగానే రెండుసార్లు కట్టారా? మన సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చేది బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే. యూపీఐలో కట్టిన ప్రతి చెల్లింపుకూ 12 అంకెల నంబరు ఉంటుంది, అందరూ యూటీఆర్ అంటారు కదా, అదే. 1147 రసీదు మీదా, 1163 రసీదు మీదా ఉన్న నంబర్లు పక్కపక్కన పెట్టి చూడు. నువ్వు చెప్పినదాన్ని బట్టి, ఆ తండ్రి వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్ చూసి అక్టోబరు 9న ఒకరు రసీదు వేశారు. మర్నాడు బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఇంకొకరు వేశారు. అలాగైతే రెండింటి మీదా ఒకే నంబరు ఉండాలి, బ్యాంకులో 18,000 ఒక్కసారే జమ అయి ఉండాలి.

నంబర్లు వేరైతే తొందరపడకు. మొదటిసారి స్కాన్ చేసినప్పుడు ఫెయిలైందనుకుని రెండోసారి కట్టేవాళ్లు ఉంటారు. మన ఖాతాలో రెండు జమలుంటే డబ్బు నిజంగా రెండుసార్లు వచ్చినట్టే. అప్పుడు రెండో రసీదును రద్దు చేయకూడదు. ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలి, లేదా వాళ్లను అడిగి మూడో టర్మ్ కింద జమ కట్టుకోవాలి.

మిగతా పిల్లల లెక్కలు వెతికేటప్పుడు ఒక చోట జాగ్రత్త. ఒకే యూటీఆర్ రెండు రసీదుల మీద ఉన్నంత మాత్రాన తప్పు కాదు. అన్నాచెల్లెళ్లిద్దరికీ కలిపి తండ్రి ఒకేసారి 36,000 పంపి ఉంటే, ఒక్క నంబరు మీద ఇద్దరి రసీదులూ సక్రమంగానే ఉంటాయి. రసీదుల మొత్తం బ్యాంకులో పడిన మొత్తంతో సరిపోతుందా అని చూడు. సరిపోతే వాటి జోలికి పోవద్దు.

తప్పు మీదేనని తేలాక 1163ను డిలీట్ చేయకు. ఆ కాగితం వాళ్లింట్లో ఉంది. నీ దగ్గర ఆ నంబరే లేకుండా పోతే రేపు వాళ్లు దాన్ని పట్టుకుని వచ్చినప్పుడు నీ దగ్గర జవాబు ఉండదు. ఆడిటర్ కూడా మధ్యలో నంబరు ఏమైందని అడుగుతారు. ఈ రోజు తేదీతో రద్దు ఎంట్రీ వేసి, వివరంలో "1147తో వచ్చిన చెల్లింపే మళ్లీ నమోదైంది" అని రాయి. తప్పూ కనపడాలి, దిద్దుబాటూ కనపడాలి.

ఇక ఉత్తరం సంగతి. నేను పనిలో చేరిన కొత్తలో అచ్చం ఇలాగే జరిగింది. సాంకేతిక కారణాల వల్ల స్టేట్‌మెంట్ సవరించాం, బాకీ ఇంత అని రెండు లైన్లు రాసి పంపించాను. మూడో రోజు ఒక తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకుని బంగారుపాళెం వైపు నుంచి బస్సులో వచ్చింది. కొంగులో కట్టి తెచ్చిన పాస్‌బుక్ కౌంటర్ మీద విప్పి, ఒక లైను మీద వేలు పెట్టింది. "ఇదో సార్, నా డబ్బు పోయిండాది. మీరేమో తీసేసినామని రాసినారు. మళ్లీ కట్టల్లా?" అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? నేను రాసింది చదివితే ఎవరికైనా కట్టిన డబ్బే పోయిందని అనిపిస్తుంది. పాస్‌బుక్‌లో ఒక్కసారే పోయిందని, మా పుస్తకంలో రెండుసార్లు రాశామని చూపించాక ఆమె నిమ్మళించింది. ఆ ఒక్క ముక్క ఉత్తరంలోనే రాసి ఉంటే ఆమె అంత దూరం రావాల్సిన పనే లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే మొదటి వాక్యంలోనే వాళ్ల భయం తీర్చాలి. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం. మీరు కట్టిన డబ్బు ఏదీ పోలేదు. రెండో టర్మ్ ఫీజు 18,000 రూపాయలు మీరు అక్టోబరు 9న కట్టారు, అది మాకు చేరింది. ఆ ఒక్క చెల్లింపునే మా ఆఫీసులో పొరపాటున రెండుసార్లు రాశాం: 9న రసీదు 1147, 10న రసీదు 1163. అందువల్లే నవంబరు 3న పంపిన స్టేట్‌మెంట్‌లో బాకీ లేదని వచ్చింది. 1163 రసీదును రద్దు చేశాం. ఇప్పటి లెక్క ఇది: ఏడాది ఫీజు 54,000, మీరు కట్టింది 36,000, మిగిలింది 18,000. ఈ మిగిలింది మూడో టర్మ్ ఫీజు, దానికి గడువు జనవరి 10. ఈ రోజు మీరు ఏమీ కట్టనక్కర్లేదు. మీ పాస్‌బుక్‌లో ఆ రెండు రోజుల్లో 18,000 రెండుసార్లు పోయినట్టు ఉంటే ఆ పేజీ ఫోటో పంపండి, వెంటనే చూస్తాం. పొరపాటు మాది, క్షమించండి."

ఇందులో "ఈ రోజు కట్టనక్కర్లేదు" అన్న మాట తీసేయకు. బాకీ లేదని చదివిన మనిషి ఆ డబ్బు ఇంట్లో ఇంకో ఖర్చుకు అనుకుని ఉంటాడు. సున్నా ఉన్నచోట 18,000 కనిపిస్తే, అది ఎప్పుడు కట్టాలన్నదే ఆయనకు ముందు కావాలి. జనవరిలో కష్టమని అంటే ప్రిన్సిపాల్‌ను అడిగి గడువు పొడిగించు. తప్పు మనదైనప్పుడు ఆలస్య రుసుము వేయడం నాకైతే న్యాయంగా తోచదు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసేస్తుంది కాబట్టి ఆ పిల్లాడి ఖాతాలో దాన్ని ముందే ఆపించు.

కొత్త స్టేట్‌మెంట్ పైన "సవరించినది" అని, తేదీతో సహా పెద్దగా రాయి. రద్దయిన లైన్ కూడా అందులో ఉండనీ. తండ్రి ఉద్యోగస్తుడైతే ఇంకో మాట కలుపు. ట్యూషన్ ఫీజు మీద పన్ను మినహాయింపు కోసం ఆఫీసులో రసీదులు ఇచ్చేవాళ్లుంటారు. 1163 కూడా ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోమని చెప్పు. కట్టని 18,000 చూపించినట్టయితే రేపు ఇబ్బంది ఆయనకే.

క్లాసు గ్రూపులో మాత్రం పెట్టొద్దు. ఎవరికి ఎంత బాకీ ఉందో పక్కవాళ్లకు తెలియడం బాగుండదు, పైగా తప్పు లేని నలభై మంది కూడా తమ లెక్క అడుగుతారు. విడిగా పంపు. చదవడం కష్టమైన ఇళ్లకూ, తమిళం మాట్లాడే ఇళ్లకూ ఫోన్ చేసి చెప్పు.

మధ్యాహ్నం లోపు బ్యాంకు లైన్ చూసి, రద్దు ఎంట్రీ వేయించు. ఉత్తరం పంపే ముందు ఆ తండ్రికి నువ్వే ఒకసారి ఫోన్ చెయ్యి. నువ్వు రాసింది సాయంత్రం నాకు పంపితే చదివి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న