తూకపు రాయి అడుగున ఏముందో

చిరంజీవికి,

ఆశీస్సులు. తూనికల ప్రదర్శన కోసం నువ్వు రాసిన ముప్పై రెండు వివరణ చీటీలూ చదివాను. ఒక్కొక్కటీ శ్రద్ధగా రాశావు. అయినా వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టమంటాను. ఏ వస్తువు దేని పక్కన ఉంటుందో, చూసేవాళ్లు ఎటు నుంచి వస్తారో తేలకుండా రాసిన చీటీ ఎన్నిసార్లు దిద్దినా కుదరదు.

ముందు వస్తువుల సంగతి చూద్దాం. త్రాసులన్నీ ఒకచోట, రాళ్లన్నీ ఒకచోట, స్ప్రింగు కాటాలు మరోచోట పెట్టావు. గిడ్డంగిలో సర్దడానికి అది మంచి పద్ధతే. కానీ ఒకే రకం వస్తువులు పది వరుసగా కనబడితే, మూడోదాని తర్వాత మనిషి చూపు జారిపోతుంది. నీ ప్రదర్శనకు మూలమైన ప్రశ్న ఒకటుంది: అమ్మేవాడూ కొనేవాడూ ఒకే తూకాన్ని ఎలా నమ్మారు? దాన్ని బట్టి మూడు గుంపులు చెయ్యి. దేనితో పోల్చి తూచారు, ఆ కొలత సరైనదని ఎవరు ముద్ర వేశారు, మోసం ఎలా జరిగి ఎలా పట్టుబడింది. అప్పుడు ఒక త్రాసూ దాని రాళ్లూ ఒకే పెట్టెలోకి వస్తాయి. ఏ గుంపులోనూ ఇమడని వస్తువులు ఐదారు మిగులుతాయి. ఎంత అందంగా ఉన్నా వాటిని గిడ్డంగిలోనే ఉంచు.

ఇక దారి. మీది ఒకే తలుపున్న గది. లోపలికి వచ్చినవాళ్లలో చాలామంది కుడివైపు తిరుగుతారని 1930లలోనే మ్యూజియంలలో గమనించారు. తెలుగు మాత్రం ఎడమ నుంచి కుడికి చదువుతాం. కుడి గోడ వెంట లోపలికి నడిచే మనిషి ఆ గోడకేసి తిరిగితే, అతను కుడి నుంచి ఎడమకు కదులుతున్నట్టు. అంటే పలకల వరుస అతనికి చివరి నుంచి మొదటికి అందుతుంది. అందుకే మొదటి గుంపును ఎడమ గోడకు పెట్టి, తలుపులో నుంచే కనబడేలా పెద్ద త్రాసును అక్కడ వెలుగులో వేలాడదియ్యి. బాణం గుర్తు కన్నా వస్తువే మనిషిని బాగా లాగుతుంది. అయినా కొందరు కుడికే వెళతారు. వాళ్ల కోసం ఏ గుంపుకు ఆ గుంపు విడిగా అర్థమయ్యేలా రాయి. "పైన చెప్పినట్టు" అన్న మాట ఎక్కడా రాకూడదు.

పరిచయ పలకను తలుపు పక్కన పెట్టకు. ఒకసారి నేను పెట్టాను. ఇద్దరు ఆగి చదివితే వెనక వచ్చేవాళ్లకు దారి మూసుకుపోయింది. దాంతో మిగతావాళ్లు చదవకుండానే లోపలికి నడిచారు. నాలుగడుగులు లోపల, చక్రాల కుర్చీ తిరిగేంత జాగా వదిలి పెట్టు.

రాతలో నాలుగు అంతస్తులు చాలు: ప్రదర్శన పేరు, ఎనభై మాటల పరిచయం, గుంపుకో యాభై మాటల పలక, వస్తువుకు ముప్పై మాటలు. పదార్థం, కాలం, నమోదు సంఖ్య చీటీ చివర చిన్న అక్షరాల్లో ఉండాలి. ఒక అంతస్తుకు ఒకే అక్షరం కొలత, ఒకే చోటు. అప్పుడు దేన్ని ముందు చదవాలో కంటికే తెలుస్తుంది. పరీక్ష సులువు. గుంపుల పలకల శీర్షికలు మాత్రమే ఎవరికైనా చదివి వినిపించి, ప్రదర్శన దేని గురించో చెప్పమను. "త్రాసులు", "రాళ్లు" అన్న శీర్షికలతో ఎవరూ చెప్పలేరు. "ఈ ముద్ర ఎవరిది?" అన్నావంటే కథ మొదలైనట్టే. తెలుగు ఒత్తులు కింది వరుసను తాకుతాయి కాబట్టి వరుసల మధ్య జాగా కాస్త ఎక్కువే వదులు. ముద్రించి గోడకు అంటించి, నిలబడి చదివి చూడు. కంప్యూటర్ తెర మీద ఇది తెలియదు.

ఇప్పుడు నీ చీటీ ఒకటి తీసుకుందాం. "కిలో తూకపు రాయి. పోత ఇనుము. వర్తకంలో విరివిగా వాడేవారు." ఇందులో చూసేవాడి కంటికి పనేమీ లేదు. ఆ రాయిని తిప్పి చూశావా? అడుగున చిన్న గుంత, అందులో సీసం, సీసం మీద ముద్ర ఉంటాయి. బరువు సరిచెయ్యడానికే ఆ సీసం. దాన్ని గీకి తూకం తగ్గించాలంటే ముద్ర చెదిరిపోతుంది. కాబట్టి ఇలా రాయి: "అద్దంలో రాయి అడుగు చూడండి. గుంతలో సీసం నింపి బరువు సరిచేశాక, దాని మీద అధికారి ముద్ర కొట్టారు. సీసం గీకితే ముద్ర చెడి దొంగతనం బయటపడేది." రెండో గుంపు ఎందుకుందో ఈ ఒక్క రాయే చెబుతుంది. అద్దం రాయి కింద పెట్టు, చీటీ దాని పక్కనే ఉండాలి. అది రెండడుగులు దూరమైతే ఎవరూ వంగి చూడరు.

ఆ తర్వాత పెట్టెల కొలతకు కాగితాలు కత్తిరించి నేల మీద పరిచి, ఈ ప్రదర్శన గురించి తెలియనివాళ్లను ఇద్దరిని నడవమను. నువ్వు నోరు విప్పకు. చీటీ చదివాక వాళ్ల చూపు మళ్లీ వస్తువు మీదికి వెళ్లిందా లేదా అన్నదే రాసుకో. వెళ్లనిచోట చీటీ మార్చాలి. గది పటం, మూడు గుంపుల శీర్షికలు ముందు పంపు. చీటీలు అవి చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన