టైంటేబుల్ ఫోటోలో ఖాళీ గడి కనిపించగానే నమ్మకండి

ప్రశ్న: మా స్కూల్ టైంటేబుల్ ఫోటో ఫోన్‌లో ఉంది. ముగ్గురు నలుగురు టీచర్లు రాని రోజు, ఏ పీరియడ్‌లో ఎవరు ఖాళీగా ఉన్నారో దాన్ని చూసి త్వరగా తేల్చడం ఎలా?

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరేళ్లుగా అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెబుతాను. ఫోటోలో ఖాళీ గడులు వెతకకండి, నిండిన గడులు లెక్కపెట్టండి. ఇది ఒక బుధవారం నాకు బాగా తెలిసొచ్చింది.

మాకు ఎనిమిది సెక్షన్లు. ఆరు, ఏడు ఒక్కొక్కటే, ఎనిమిది నుంచి పది దాకా ఏ, బి ఉన్నాయి. టీచర్లం పన్నెండు మందిమి. అంటే ఏ పీరియడ్ తీసుకున్నా ఎనిమిది మంది క్లాసులో ఉండాలి, నలుగురికి లీజర్ ఉండాలి. ఆ రోజు లెక్కల సార్, బయాలజీ మేడం ట్రైనింగ్‌కు వెళ్లారు. తెలుగు సార్ పొద్దున్నే ఫోన్ చేసి సీఎల్ చెప్పారు. హెచ్‌ఎం గదిలో ఉన్న టైంటేబుల్‌కు అద్దం ఫ్రేము ఉంటుంది. ఆ గదికి తాళం ఇంకా తీయలేదు కాబట్టి, అంతకు ముందు వారం తీసుకున్న ఫోటో చూసి వరండాలో నిలబడే రిజిస్టర్ రాసేశాను.

ఐదో పీరియడ్ దగ్గర ఐదు పేర్లు ఖాళీగా కనిపించాయి: తెలుగు సార్, హిందీ మేడం, ఇంగ్లిష్ సార్, సోషల్ మేడం, పీఈటీ సార్. తెలుగు సార్ సెలవు, ఇంకా నలుగురున్నారు. నాకు కావాల్సింది ఇద్దరే, లెక్కల సార్ 9బికి ఒకరు, బయాలజీ మేడం ఏడో తరగతికి ఒకరు. హిందీ మేడంకు పొద్దుట్నుంచి నాలుగు పీరియడ్లూ వరుసగా ఉన్నాయి, ఆమెను వదిలేశాను. సోషల్ మేడం ఎలాగూ 9బికి పాఠం చెబుతారు కదా అని ఆమెను అక్కడికి, పీఈటీ సార్‌ను ఏడుకి వేశాను.

భోజనాల తర్వాత హెచ్‌ఎం రౌండ్‌కు వెళ్తే 10ఏలో టీచర్ లేరు. సోషల్ మేడం 9బిలో ఉన్నారు. ఆ పీరియడ్ ఆమెకు అసలు 10ఏనే. "రిజిస్టర్‌లో 9బి రాశారు కదండీ, నా క్లాస్ ఇంకెవరికో ఇచ్చారనుకున్నాను" అన్నారు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. పదో తరగతి పిల్లలకు అరపీరియడ్ పోయింది, అది నా వల్లే.

సాయంత్రం ఫోటోను పెద్దది చేసి చూశాను. అద్దం మీద ట్యూబ్‌లైట్ వెలుగు తెల్లటి పట్టీలా పడి, సరిగ్గా సోషల్ మేడం వరుసలో ఐదో గడిని కప్పేసింది. బాగా దగ్గరికి లాగి చూస్తే 1 అంకె అడుగుభాగం మాత్రం సన్నగా కనిపిస్తోంది. ఐదుగురు ఖాళీగా కనిపించినప్పుడే ఆగి ఉండాల్సింది. పన్నెండు మందిలో ఐదుగురు ఖాళీ అంటే ఏడుగురే క్లాసులో ఉన్నట్టు. మరి ఎనిమిదో సెక్షన్ ఎవరి దగ్గర ఉంది? నిలువు వరుసలో 6, 7, 8ఏ, 8బి, 9ఏ, 9బి, 10ఏ, 10బి అని ఒక్కొక్కటి టిక్ పెట్టుకుంటూ వస్తే 10ఏ దొరకదు. అర నిమిషంలో తప్పు బయటపడేది.

అలాగని లెక్క తగ్గిన ప్రతిసారీ ఫోటో తప్పని కాదు. మాకు శుక్రవారం ఎనిమిదో పీరియడ్ 9ఏ, 9బి కలిపి గ్రౌండ్‌కు వెళ్తాయి, అప్పుడు ఏడుగురే ఉండటం సరైనదే. అందుకే సంఖ్య చూసి వదలకుండా ఏ సెక్షన్ కనిపించడం లేదో చూడాలి. ఒకే సెక్షన్ రెండుసార్లు కనిపించిందంటే మీ కన్ను పక్క వరుసలోకి జారినట్టే. పక్కనుంచి వంకరగా తీసిన ఫోటోలో కుడివైపుకు వెళ్లేకొద్దీ వరుసలు వాలిపోతాయి, ఆరో పీరియడ్ దాటాక ఒకరి గడి ఇంకొకరిదిగా చదువుతాం. లైటు ఆపి, ఫ్లాష్ లేకుండా, ఎదురుగా నిలబడి, ఒక్కో రోజు భాగాన్ని విడివిడిగా తీయండి. చదివేటప్పుడు ఫోన్ మీద స్కేలు పెట్టుకోండి.

ఇదంతా టీచర్లవారీ టైంటేబుల్ ఉంటే. మీ ఫోటో క్లాసులవారీదైతే అందులో ఖాళీ గడులే ఉండవు. ఆ పీరియడ్ నిలువు వరుసలో కనిపించిన వాళ్లను స్టాఫ్ లిస్టులోంచి కొట్టేస్తే మిగిలిన వాళ్లకు లీజర్. కానీ గడిలో 'గణితం' అని మాత్రమే ఉంటుంది, లెక్కల టీచర్లు ఇద్దరుంటే ఎవరని? ఏ సెక్షన్ ఎవరిదో రాసిన కాగితం పక్కన లేకుండా ఆ ఫోటోతో పని మొదలుపెట్టకండి. బదిలీలు జరిగాక గోడ మీద పెన్సిల్‌తో దిద్దుతారు, ఫోన్‌లో మాత్రం పాతదే ఉంటుంది. అదీ చూసుకోండి.

ఆ బుధవారం తర్వాత నేను ఫోటోను ఒక్కసారి గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించేశాను. రోజుకో షీట్. A లో పేర్లు, B నుంచి I దాకా ఎనిమిది పీరియడ్లు, రాని వాళ్లకు ఎదురుగా J లో 'సె' అని రాస్తాను. ఐదో పీరియడ్ F లో ఉంటుంది:

```
=COUNTA(F2:F13)
=FILTER(A2:A13, F2:F13="", J2:J13="")
```

మొదటిది 8 చూపించాలి. చూపించకపోతే రెండోదాన్ని నమ్మను. ఖాళీ గడిలో పొరపాటున స్పేస్ కొట్టి ఉంటే ఆ టీచర్ క్లాసులో ఉన్నట్టే లెక్కలోకి వస్తారు, లిస్టులోంచి మాయమవుతారు.

ఇక నాకు బాధగా ఉండే సంగతి. ఆ రోజు రాని ముగ్గురివీ కలిపి పదహారు క్లాసులు. వచ్చిన తొమ్మిది మందికీ కలిపి ఉన్నవి ఇరవై నాలుగు లీజర్లు. పదహారు పోతే ఎనిమిది మిగులుతాయి, మనుషులు తొమ్మిది మంది. ఎంత న్యాయంగా పంచినా ఒకరికైనా రోజంతా లీజర్ ఉండదు. ఇద్దరిని ఒకే రోజు ట్రైనింగ్‌కు పిలిచే వాళ్లు ఈ లెక్క ఎప్పుడూ వేయరు. లీజర్ అంటే ఊరికే కూర్చునే సమయం కాదు, నోట్సులు దిద్దేది అప్పుడే. చాలా చోట్ల పీఈటీ సార్‌నే ముందు వేసేస్తారు, నేనూ అలాగే వేసేదాన్ని. ఆయన ఆటల పీరియడ్లకు తయారీ అక్కర్లేదని ఎవరు చెప్పారు?

అందుకే ఇప్పుడు పేరు రాసే ముందు రెండే చూస్తాను. ఆ సెక్షన్‌కు రోజూ పాఠం చెప్పే వాళ్లు ఖాళీగా ఉంటే వాళ్లకే మొదట, ఎందుకంటే వాళ్లు తమ పాఠమే కొనసాగిస్తారు, పిల్లలకు ఆ పీరియడ్ వృథా కాదు. తర్వాత, ఆ వారంలో ఎవరికెన్ని అడ్జస్ట్‌మెంట్లు పడ్డాయో రిజిస్టర్ చివరి పేజీలో గీసుకున్న గీతలు. ఆ లెక్కన ఆ బుధవారం 9బికి ఇంగ్లిష్ సార్ వెళ్లాల్సింది. ఆయన 9బికి ఇంగ్లిష్ చెబుతారు, ఆ వారం ఆయన పేరు ఎదురుగా ఒక్క గీతే ఉంది.