కంటికి కనబడని అతిథిని పరిచయం చేయడం

అమ్మాయికి ఆశీర్వదించి రాయునది.

నీవు పంపిన నీ పాడ్‌కాస్ట్ మొదటి ఎపిసోడ్ రెండుసార్లు విన్నాను. సంభాషణ బాగుంది, ప్రశ్నలు సూటిగా ఉన్నాయి, అతిథి మాట్లాడుతున్నప్పుడు నీవు అడ్డుపడలేదు. మొదటి రెండు నిమిషాలు మాత్రం వినేవారి కోసం కాక చదివేవారి కోసం రాసినట్టున్నాయి. ఆకాశవాణిలో అనౌన్సరుగా నా ఉద్యోగమంతా ఈ పనిలోనే గడిచింది కనుక, తక్కిన సంగతులు పక్కన పెట్టి అతిథి పరిచయం ఒక్కదాని గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

టీవీలో అతిథి ముఖం కనిపిస్తుంది, కింద పేరు పడుతుంది, ఎవరు మాట్లాడుతుంటే వారి పెదవులు కదులుతాయి. ఆడియోలో ఈ మూడూ ఉండవు. ఫోను తెర మీద అతిథి పేరు, ఫోటో ఉంటాయి కదా అని నీవనవచ్చు. కానీ ఆ ఫోను చొక్కా జేబులోనో, వంటగది గట్టు మీదో ఉంటుంది. కాబట్టి పరిచయం చేయవలసిన పనుల్లో మొదటిది అతిథి గొప్పతనం చెప్పడం కాదు, ఒక పేరును ఒక గొంతుతో ముడివేయడం. ఆ ముడి పడాలంటే పేరు వినబడిన వెంటనే ఆ మనిషి గొంతు వినబడాలి. నీ ఎపిసోడ్‌లో అతిథి పేరు మొదటి వాక్యంలోనే వచ్చింది. ఆ తరువాత ఆయన చదువు, ఉద్యోగాలు, పురస్కారాలు, ఆపైన కాస్త సంగీతం, చందాదారులు కమ్మని నీ విన్నపం. ఇవన్నీ ముగిసి ఆయన నోరు విప్పేసరికి ఆయన పేరు నాకే గుర్తు లేదు.

కనుక క్రమాన్ని తిప్పి రాయి. ముందు విషయం, తరువాత ఆ విషయంతో అతిథికి ఉన్న సంబంధం, ఆ తరువాత పేరు, పేరు వెనకే గొంతు. పేరు పరిచయంలో చివరి మాట కావాలి, లేదా చివరి మాటకు ముందు మాట కావాలి. నీకు తెలిసిన పేరు కాబట్టి అది ముందే పలికినా నీకు ఇబ్బంది ఉండదు. ఎన్నడూ వినని వారికి మాత్రం ఆ పేరు తగిలించుకోవడానికి ముందుగా ఒక కొక్కెం కావాలి.

ఇందులో మన భాష తీరు వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. తెలుగులో విశేషణాలన్నీ పేరుకు ముందే వస్తాయి. 'చేసిన', 'పొందిన', 'రాసిన', 'చెందిన' అంటూ ఎన్ని కావాలంటే అన్ని చేర్చుకుంటూ పోవచ్చు, వ్యాకరణం అడ్డుచెప్పదు. అచ్చులో కన్ను ముందుకు దూకి పేరు చూసుకుని వెనక్కి వస్తుంది. చెవికి ఆ వీలు లేదు. ఎవరికి చెందుతాయో తెలియని వివరాలన్నీ మోసుకుంటూ వాక్యం చివరిదాకా నడవాలి, మధ్యలో సగం జారిపోతాయి.

మాటవరసకు చింతకింది మల్లేశం గారు నీ అతిథి అనుకో. సభల్లో చదివే పద్ధతిలో రాస్తే పరిచయం ఇలా వస్తుంది: "యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందిన, చిన్నతనంలోనే బడి మానేసిన, లక్ష్మీ ఆసు యంత్రాన్ని ఆవిష్కరించి వేలాది చేనేత మహిళల శ్రమను తగ్గించిన, 2017లో పద్మశ్రీ పురస్కారం అందుకున్న చింతకింది మల్లేశం గారు ఈ రోజు మనతో ఉన్నారు." ఇందులో అబద్ధం ఏదీ లేదు. కానీ ఆసు అంటే ఏమిటో తెలియని శ్రోతకు ఆ యంత్రం ఒక ఖాళీ మాట. మిగిలినవి ఏ సన్మాన పత్రంలోనైనా ఉండేవే.

దానినే నేనైతే ఇలా రాసుకుంటాను:

"పోచంపల్లి చీర మీద కనిపించే డిజైను మగ్గం ఎక్కకముందే నూలు మీద ఉంటుంది. నూలుకు అక్కడక్కడా బిగుతుగా కట్లు కట్టి, రంగులో ముంచి ఆ డిజైను తెస్తారు. అయితే అంతకన్నా ముందు ఇంకో పని ఉంది. అర్ధచంద్రాకారంగా నిలబెట్టిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీర కోసం చెయ్యి వేలసార్లు కదలాలి. ఆ పనితో భుజం నొప్పి పడుతున్న తల్లిని చూసి, కొడుకు దానికొక యంత్రం తయారు చేశారు. తల్లి పేరు మీదే దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. ఆ కొడుకు, చింతకింది మల్లేశం గారు. మల్లేశం గారూ, నమస్కారం."

తీరిగ్గా చదివితే ఇది ముప్పావు నిమిషం పడుతుంది. పరిచయానికి అంతకు మించి ఇవ్వకు. పేరు వచ్చేదాకా ప్రతి వాక్యం తన క్రియతో తాను ముగిసింది, ఏదీ తరువాతి వాక్యం కోసం ఎదురుచూడలేదు. ఆసు అన్న మాట రాకముందే ఆ పని కళ్ల ముందుకు వచ్చింది. పద్మశ్రీ ఇందులో లేదని నీవు అడుగుతావు. అది పోలేదు, యంత్రం పది ఊళ్లకు ఎలా చేరిందో ఆయన చెబుతున్నప్పుడు, ఆ సందర్భంలో ఒక్క వాక్యంగా చెప్పు. అప్పుడు దానికి బరువు ఉంటుంది. పరిచయంలోకి ఏ వివరం రావాలన్నది ఆ రోజు మాట్లాడబోయే విషయాన్ని బట్టి తేలుతుంది, అతిథి పంపిన బయోడేటాను బట్టి కాదు. ఇదే మల్లేశం గారితో గ్రామాల్లో యంత్రాల మరమ్మతు గురించి మాట్లాడుతున్నావనుకో, పరిచయం వేరే చోట మొదలుకావాలి.

ఊరించడం మాత్రం అతి చేయకు. పేరు చివర్లో రావాలన్నాను కదా అని రెండు నిమిషాలు పొడుపుకథలా సాగదీస్తే వినేవారు విసుగుపడి పేరు రాకముందే వెళ్లిపోతారు. ఈమధ్య చాలామంది అతిథి మాటల్లోంచి ఓ ముక్క కత్తిరించి, పరిచయానికి ముందే వినిపిస్తున్నారు. అది నాకు ఇష్టమే, కానీ ఆ గొంతుకు వెంటనే యజమానిని చూపించాలి. ముక్క అయిపోగానే "మీరిప్పుడు విన్నది ఫలానా వారి గొంతు" అనకుండా సంగీతంలోకి వెళితే, ఆ ముక్క ఎవరిదో తెలియని మాటగా గాలిలో మిగిలిపోతుంది.

నమస్కారానికి వద్దాం. ప్రతినమస్కారం ఒక్క మాట. ఒక్క మాటతో గొంతు పరిచయం కాదు. అందుకే వెంటనే వేసే మొదటి ప్రశ్నకు పావు నిమిషమైనా జవాబు రావాలి. "మీ గురించి చెప్పండి" అనవద్దు. నీవు ఇప్పుడే చెప్పిన పరిచయాన్ని ఆయన చేత మళ్లీ చెప్పించినట్టవుతుంది. "ఎలా ఉన్నారు" అన్నదానికి "బాగున్నాను" తప్ప మరేమీ రాదు. "అమ్మగారు ఆసు పోస్తుంటే చెయ్యి ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలేది?" అని అడిగితే ఎవరైనా చేత్తో చూపిస్తూ "ఇదిగో, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా" అంటారు. చూపించింది నీకు కనబడింది, శ్రోతకు కనబడలేదు. అప్పుడు నీవు "అంటే ఛాతీ దగ్గర మొదలుపెట్టి చెయ్యి పూర్తిగా చాచేదాకానా?" అని అడగాలి. ప్రశ్నగానే అడుగు. నీ అంచనా తప్పైతే అతిథి సరిదిద్దుతారు, సరైనదైతే అవునంటూ ఇంకొంత చెబుతారు. ఎంత పొడవు, ఎంత ఎత్తు, ఏ రంగు అన్నవి ఇలా మాటల్లోకి తేవడం నీ బాధ్యతే, అతిథిది కాదు. అతిథి ఏ చీర కట్టుకున్నారో, ఎంత హుందాగా ఉన్నారో చెప్పవలసిన పని లేదు. మాట్లాడే విషయానికి అక్కరకు వచ్చేదే చెప్పు.

స్టూడియో దాటి అతిథి ఇంటికో పని చోటుకో వెళ్లి రికార్డు చేస్తే, వినబడే ప్రతి చప్పుడుకూ పరిచయంలో ఒక మాట ఖర్చు చేయి. మగ్గం చప్పుడు ఏమిటో తెలిస్తే వినేవారు ఆ గదిలో కూర్చుంటారు, తెలియకపోతే రికార్డింగు చెడిపోయిందనుకుంటారు.

పేరు పలకడం గురించి. రికార్డింగు మొదలుకాక ముందు మైకు స్థాయి చూసుకోవడానికి ఏదో ఒకటి మాట్లాడించాలి కదా, అప్పుడు "మీ పేరు, ఊరు ఒకసారి చెప్పండి" అని అడిగి అది దాచుకో. ఇంటిపేరు ఎక్కడ సాగుతుందో, ఎక్కడ ఒత్తు పడుతుందో ఆయన నోటితోనే తెలుస్తుంది. అచ్చులో కనిపించే పొడి అక్షరాలు చెవిలో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వారికి అభ్యంతరం లేకపోతే ఇంటిపేరు పూర్తిగా పలుకు. మొదటిసారి పూర్తి పేరు, ఆపైన పిలుపు పేరుకు గారు చేర్చి మాట్లాడు. ఒకసారి డాక్టరు గారు, ఒకసారి సార్, ఒకసారి పేరు అంటూ మారిస్తే ముగ్గురు మనుషులున్నారేమో అనిపిస్తుంది.

ఇద్దరు ముగ్గురు అతిథులుంటే అందరి పేర్లూ వరుసగా చదివి తరువాత మాట్లాడించడం పనికిరాదు. ఒకరిని పరిచయం చేసి, వారి చేత రెండు వాక్యాలు పలికించి, అప్పుడు రెండవవారి దగ్గరకు వెళ్లు. ఇద్దరి గొంతులూ దగ్గరగా ఉంటే మొదటి పావుగంట ప్రతి ప్రశ్ననూ పేరుతోనే మొదలుపెట్టు. నీ గొంతూ అతిథి గొంతూ ఒకేలా ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి.

ఇక పరిచయాన్ని ఎప్పుడు రికార్డు చేయాలన్నది. నమస్కారం, మొదటి ప్రశ్న అతిథి ఎదుటే జరగాలి. పరిచయ వాక్యాలు మాత్రం సంభాషణ ముగిశాక చదవడం మేలు, ఎందుకంటే ఆయన దేని గురించి నిజంగా బాగా మాట్లాడారో నీకు అప్పుడే తెలుస్తుంది. అయితే అదే గదిలో, అదే మైకు ముందు, అంతే దూరంలో కూర్చుని చదువు. ఇంటికి వెళ్లి వేరే గదిలో చదివి అతికిస్తే, "నమస్కారం" దగ్గర గది మారిన సంగతి చెవికి తెలిసిపోతుంది. అందరూ లేచేముందు అరనిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకుంటే, అతుకుల దగ్గర దానిని పరచవచ్చు.

రేడియోలో శ్రోత మధ్యలో వచ్చి చేరతాడు కనుక మేము ప్రతి పది నిమిషాలకూ అతిథి పేరూ విషయమూ మళ్లీ చెప్పేవాళ్లం. పాడ్‌కాస్ట్ మొదటి నుంచే వింటారు కాబట్టి అంత అవసరం లేదు. అయినా మొదటి నిమిషంలో ఒకసారి, విరామం తరువాత ఒకసారి పేరు వినబడనీ.

ఇంతా చేశాక, విషయం తెలియని ఒకరికి వంట చేస్తుండగా మొదటి నిమిషం మాత్రమే వినిపించి ఆపేయి. మాట్లాడుతున్నది ఎవరు, ఏ పని చేస్తారు అని అడుగు. పేరు చెప్పలేకపోతే పేరు మరీ ముందు వచ్చిందని, పేరు చెప్పి పని చెప్పలేకపోతే వివరాలు ఎక్కువయ్యాయని అనుకుని, పరిచయం మాత్రం తిరిగి చదివి అతికించు. మీ అమ్మను మాత్రం అడగకు. నీ గొంతు వినబడితే చాలు, ఆమెకు అంతా బాగుంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న