డబుల్ పాయింట్ల కోసం సంక్రాంతి బట్టలూ ఇప్పుడే కొనేయాలా?

ప్రశ్న: మేం ఎప్పుడూ వెళ్లే బట్టల షోరూం నుంచి మెసేజ్ వచ్చింది. పండగలని అక్టోబర్ నెలంతా మెంబర్లకు డబుల్ పాయింట్లట, అంటే 100 రూపాయలకు 2. అదనంగా ఇచ్చే పాయింట్లు నవంబర్ 15న పడతాయి, డిసెంబర్ 31లోగా వాడేయాలి. ఒక పాయింటు 50 పైసలు. కనీసం 500 పాయింట్లు ఉంటేనే, అదీ వందల లెక్కన వాడుకోవాలి. బిల్లులో 10 శాతం వరకే తగ్గిస్తారు. నా దగ్గర పాతవి 190 ఉన్నాయి. దసరా, దీపావళికి 18,000 రూపాయల బట్టలు ఎలాగూ కొనాలి. సంక్రాంతికి అనుకున్న 12,000 రూపాయలవి కూడా క్రెడిట్ కార్డు మీద ఇప్పుడే తీసుకుంటే లాభం కదా? మావారు వద్దంటున్నారు.
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఈ విషయంలో మీవారి మాటే సరైందమ్మా. ఎందుకో లెక్క చూద్దాం.

ముందు పాయింట్లను రూపాయల్లోకి మార్చుకోండి. మామూలు రోజుల్లో 100 రూపాయలు ఖర్చు పెడితే మీకు వచ్చేది అర్ధరూపాయి. ఈ నెల రూపాయి వస్తుంది. డబుల్ అంటే ఇక్కడ అర శాతం కాస్తా ఒక శాతం కావడం, అంతే. సంక్రాంతి బట్టలు 12,000 పెట్టి ఇప్పుడే కొంటే 240 పాయింట్లు, అంటే 120 రూపాయలు. అవే జనవరిలో కొన్నా 60 రూపాయల పాయింట్లు ఎలాగూ వస్తాయి. కాబట్టి తొందరపడినందుకు మీకు మిగిలేది 60 రూపాయలు.

ఇక కార్డు సంగతి. గడువు తేదీకి బిల్లు మొత్తం కట్టేయగలిగితే వడ్డీ ఉండదు. కట్టలేకపోతే చాలా కార్డుల మీద నెలకు 3.5 శాతం దాకా వేస్తారు. 12,000 మీద అది 420 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 496. ఒక్క నెల ఆలస్యానికే 60 రూపాయల లాభం ఎనిమిదింతలై ఎదురు తిరుగుతుంది. పైగా బాకీ ఉన్నన్నాళ్లూ ఆ కార్డు మీద కొత్తగా కొన్న వాటికీ మొదటి రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. పండగ నెలలో చాలామంది చూసుకోనిది ఇదే.

కార్డు బిల్లు సకాలంలో కట్టినా ఇంకో చిక్కుంది, నా దృష్టిలో అసలైనది అదే. మొత్తం 30,000 ఇప్పుడే ఖర్చు పెడితే పాతవాటితో కలిపి మీకు 790 పాయింట్లు అవుతాయి. వందల లెక్కన 700 వాడుకోవచ్చు, అంటే 350 రూపాయలు. కానీ 10 శాతం నిబంధన ఉంది కదా, ఆ 350 తగ్గాలంటే డిసెంబర్ 31లోగా మళ్లీ 3,500 రూపాయల బిల్లు చేయాలి. కొనాల్సినవన్నీ అక్టోబర్‌లోనే కొనేశాక ఆ 3,500 దేనికి పెడతారు? పాయింట్లు పోతాయేమోనన్న టెన్షన్‌తో అవసరం లేని చీర ఒకటి ఇంటికొస్తుంది.

అందుకని ఇలా చేయండి. దసరా, దీపావళి బట్టలు 18,000కి అక్టోబర్‌లోనే తీసుకోండి. 360 పాయింట్లు వస్తాయి. వాటిలో సగం వెంటనే, మిగతా సగం నవంబర్ 15న పడతాయి. అక్టోబర్ చివర్లో కౌంటర్ దగ్గర అడిగితే 370 అనే చెబుతారు, కంగారు పడకండి. నవంబర్ 15 తర్వాత అది 550 అవుతుంది. సంక్రాంతి బట్టల్లో పిల్లలవో, మీ అత్తగారి చీరో, 2,500 రూపాయలకు తగ్గకుండా డిసెంబర్ మూడో వారంలో కొని, అప్పుడు 500 పాయింట్లు వాడండి. 250 రూపాయలు తగ్గి 2,250 కడతారు. మిగతా సంక్రాంతి బట్టలు జనవరిలో తాపీగా, చేతిలో డబ్బుతో తీసుకోవచ్చు. అదే రకం చీర పక్క షాపులో 6,000కి బదులు 5,700కి దొరికితే మాత్రం పాయింట్లు మర్చిపోయి అక్కడే కొనండి. ఇక్కడ 6,000 పెడితే వచ్చే డబుల్ పాయింట్ల విలువ కూడా 60 రూపాయలే.

బిల్లు వేసేటప్పుడే మొబైల్ నంబరు చెప్పి, స్లిప్పు అడుగున పాయింట్లు పడ్డాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. నాకు ఒక షాపులో ఈ అనుభవం ఉంది. మెంబర్ కార్డు పాత నంబరు మీద ఉండిపోయింది. పాయింట్లు వాడదామనేసరికి ఓటీపీ ఆ సిమ్‌కి వెళ్లింది, అది ఎప్పుడో ఆగిపోయిన నంబరు. మార్పించి మళ్లీ వెళ్లేలోగా గడువు దాటిపోయింది. మీ నంబరు మారి ఉంటే అక్టోబర్ మొదటి బిల్లుకు ముందే మార్పించుకోండి. ఈ నెల కొన్న వాటిలో ఏదైనా వాపసు ఇస్తే దానికొచ్చిన పాయింట్లు వెనక్కి తీసుకుంటారేమో కూడా అప్పుడే అడగండి. మీ లెక్కలో దాటింది 50 పాయింట్లే కాబట్టి, 2,500 రూపాయల చీర ఒకటి తిరిగిచ్చినా సరిగ్గా 500 దగ్గర ఆగుతారు. అంతకు మించి వాపసు ఇస్తే డిసెంబర్‌లో ఒక్క పాయింటూ వాడుకోలేరు.